ఆ ప్లాస్టిక్ ముక్క అబద్ధం చెప్పదు

పోయిన సెమిస్టర్‌లో మా రూమ్మేట్ ఒక సెకండ్ హ్యాండ్ హార్డ్ డిస్క్ పట్టుకొచ్చాడు. సర్వర్‌లోంచి తీసిన 4 టీబీ సాస్ డ్రైవ్. కొత్తదాని ధరలో సగం కూడా కాదు. "సాటా లాగే ఉంది కదరా, పెట్టేద్దాం" అన్నాడు. తీరా చూస్తే మా డెస్క్‌టాప్ కేబుల్ దాంట్లో దూరలేదు.

ఎందుకో తెలియాలంటే రెండు డ్రైవ్‌లనీ పక్కపక్కన పెట్టి వెనక చూడండి. సాటాలో 7 పిన్నుల డేటా భాగం, 15 పిన్నుల పవర్ భాగం విడివిడిగా ఉంటాయి, మధ్యలో చిన్న ఖాళీ. సాస్‌లో ఆ ఖాళీని ప్లాస్టిక్‌తో పూడ్చేస్తారు. ఆ ప్లాస్టిక్‌కి రెండోవైపు ఇంకో 7 పిన్నులుంటాయి. ఒక కంట్రోలర్ పోయినా మరో దారిలో డేటా అందాలని సర్వర్ల కోసం పెట్టిన రెండో పోర్టు అది. సాటా కేబుల్‌ని ఆపేది కూడా ఆ ప్లాస్టిక్కే.

మావాడు ఊరుకోలేదు. ఆన్‌లైన్‌లో చవకరకం అడాప్టర్ తెప్పించాడు. ఈసారి కేబుల్ చక్కగా దూరింది, కానీ బయోస్‌లో డ్రైవ్ జాడే లేదు. "డ్రైవ్ పోయిందేమో" అని రెండ్రోజులు దిగులుపడ్డాడు. డ్రైవ్‌కి ఏ రోగమూ లేదు. అడాప్టర్ తీగల్ని కలుపుతుంది గానీ భాష మార్చదు. మదర్‌బోర్డులోని సాటా కంట్రోలర్‌కి తెలిసింది ఏటీఏ కమాండ్లే. సాస్ డ్రైవ్‌కి తెలిసింది స్కజీ కమాండ్లు. అసలు కమాండ్ల దాకా కూడా పోదు వ్యవహారం. పవర్ రాగానే జరిగే పలకరింపులో సాస్ డ్రైవ్ కామ్‌సాస్ అనే సిగ్నల్ కోసం చూస్తుంది. సాటా పోర్టు దాన్ని పంపదు. లింకే కుదరదు.

తిరగేస్తే మాత్రం కథ వేరు. సాస్ సాకెట్‌లో ఆ ఖాళీ ఉన్న సాటా డ్రైవ్ హాయిగా కూర్చుంటుంది. కంట్రోలర్ కామ్‌సాస్ పంపి చూస్తుంది. జవాబు రాకపోతే "ఓహో, ఇది సాటా" అనుకుని ఆ భాషలోకే దిగుతుంది. రెండు భాషలూ నేర్పి మరీ తయారుచేశారు దాన్ని. కాకపోతే సాటా డ్రైవ్‌కి ఒకటే పోర్టు, కేబుల్ కూడా ఒక మీటరు లోపే ఉండాలి. సాస్ కేబుల్ లాగా పొడుగ్గా లాగితే కుదరదు.

అందుకే నా కోపం సాస్ మీద కాదు, ఆ అడాప్టర్ మీద. "ఇక్కడ పనిచెయ్యను" అని ప్లాస్టిక్ ముక్క ముందే చెప్తోంది. దాని నోరు నొక్కేసే వస్తువుని, "సాస్ కంట్రోలర్ ఉంటేనే" అన్న ఒక్క ముక్క రాయకుండా అమ్మడం మోసమే అంటాను. సాస్ కార్డు ఉన్నవాళ్ళకి అది పనికొస్తుందిలే, కాదనను. మా హాస్టల్లో ఆ కార్డు ఎవడి దగ్గరుంది?

చివరికి గ్రాఫిక్స్ కార్డు పెట్టే పొడుగాటి స్లాట్ ఖాళీగా ఉండబట్టి బతికిపోయాం. పాత సాస్ కార్డు ఒకటి, దానికి తగిన కేబుల్ కొన్నాడు. డ్రైవ్ వెంటనే కనపడింది. అన్ని ఖర్చులూ కలిపి చూసుకుంటే కొత్త సాటా డ్రైవే వచ్చుండేది. అడాప్టర్ మాత్రం ఇంకా మా టేబుల్ మీదే ఉంది, ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తాం.