ఇంద్రవెల్లిలో 13 మందా, 60 మందా? - ఒక పరీక్ష వ్యాసం

గ్రూప్స్ మెయిన్స్‌కు చదువుతున్న మన తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రశ్న: "ప్రజాస్వామ్యానికి స్వతంత్ర పత్రికారంగం తప్పనిసరా?"

చాలామంది 'నాలుగో స్తంభం' అని మొదలుపెట్టి పొగడ్తలతో పేజీ నింపేస్తారు. అసలు ప్రశ్న 'తప్పనిసరా' అనే మాటలో ఉంది. ఉంటే మంచిదేనా అని అడగలేదు, లేకపోతే ప్రజాస్వామ్యం నిలుస్తుందా అని అడిగారు. కాబట్టి ముందు మీ నిర్ణయం చెప్పేయండి. తర్వాత కారణం, ఉదాహరణ, ఎదుటివారి వాదన, దానికి జవాబు, చివర ముగింపు. నేనైతే ఇలా రాస్తాను.

అవును, తప్పనిసరి. ఓటు అంటే పాలించినవాళ్ల పని మీద జనం చెప్పే తీర్పు. తీర్పు చెప్పాలంటే సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం మొత్తం పాలకుల చేతిలోనే ఉంటే ఓటు ఉన్నా తీర్పు ఉండదు. అయితే పత్రిక ఒక్కటే ఉంటే చాలదు, అది కూడా చెప్పాలి.

ఉదాహరణకు ఎమర్జెన్సీ చూద్దాం. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికాఫీసులున్న బహదూర్ షా జఫర్ మార్గ్‌కు కరెంటు తీసేశారు. ఆ వెంటనే సెన్సార్ వచ్చింది. వార్త అచ్చుకు ముందే అధికారి చూడాలి. ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటును ఖాళీగా వదిలి నిరసన తెలిపింది. ఆ కాలంలోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు టార్గెట్ పెట్టి చేయించారు. 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలు దాటాయి. చాలాచోట్ల టీచర్లకు, చిన్న ఉద్యోగులకు కోటాలు వేశారు. బలవంతం జరిగిందన్న వార్త పేపర్లో రాకపోతే ఒక ఊరి గోడు పక్క జిల్లాకు ఎలా తెలుస్తుంది? పైనున్నవాళ్లకూ కింది అధికారులు పంపిన లెక్కలే కనబడతాయి, జనం కోపం కనబడదు. పూర్తి వివరాలు తర్వాత షా కమిషన్ విచారణలో బయటికొచ్చాయి. అప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

అరెస్టు చేయకుండా కూడా పత్రిక గొంతు నొక్కొచ్చు. 1972లో ప్రభుత్వం న్యూస్‌ప్రింట్ విధానం పేరుతో పత్రికలకు పది పేజీల పరిమితి పెట్టింది. బెనెట్ కోల్‌మన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రాజ్యాంగంలో 'పత్రికా స్వేచ్ఛ' అనే మాట విడిగా లేదు. 19(1)(ఎ)లోని భావప్రకటన స్వేచ్ఛలోనే అది ఉందని కోర్టులు చెప్పాయి. కాగితం ఆపడమైనా, ప్రకటనలు ఆపడమైనా పని ఒకటే.

ఇప్పుడు ఎదుటి వాదన. "సెన్సార్ ఉన్నా 1977లో జనం ఇందిరాగాంధీని ఓడించారు కదా, మరి పేపర్ ఎందుకు?" ఇది బలమైన వాదనే, దాటేసి పోకండి. జవాబు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఒకటి, జనవరిలో ఎన్నికలు ప్రకటించాక సెన్సార్ సడలించారు, జైళ్ల నుంచి నాయకులను వదిలారు, సభలు జరిగాయి. ఆ తర్వాతే ఓటు పడింది. రెండు, తన ఒంటి మీద పడిన దెబ్బ ఎవరికైనా తెలుస్తుంది. పక్కవాడి దెబ్బ తెలియాలంటే, అదీ ఆపగలిగే టైములో తెలియాలంటే, ఎవరో ఒకరు రాయాలి.

ఇక పరిమితి. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో భూమి హక్కుల కోసం గోండులు సభకు వచ్చారు. సభకు ముందు అనుమతిచ్చి తర్వాత రద్దు చేశారు. ఆ సంగతి చాలామందికి తెలియదు. పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది, 60 మందికి పైనే అని హక్కుల సంఘాలు చెప్పాయి. అప్పుడు ఎమర్జెన్సీ లేదు, సెన్సార్ లేదు. అయినా ఈ రోజుకీ ఆ లెక్క తేలలేదు. ఎందుకంటే స్వేచ్ఛ ఉన్న పత్రికకు కూడా గూడెంలో మనిషి లేకపోతే పోలీసులు చెప్పిన అంకెే దిక్కు. పట్నంలో స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన అడవి దాకా కళ్లు రావు.

కాబట్టి ముగింపు ఇలా రాయండి: స్వతంత్ర పత్రిక ప్రజాస్వామ్యానికి తప్పనిసరి. స్వతంత్రం అంటే సెన్సార్ లేకపోవడం ఒక్కటే కాదు. ప్రభుత్వ ప్రకటనలు ఎవరికి ఎంత ఇచ్చారో బయటపెట్టాలి. మారుమూల ఊళ్ల విలేకరికి జీతం ఉండాలి, ప్రకటనలు తెస్తేనే బతికే పరిస్థితి పోవాలి. ఒక అంకె అచ్చు వేసేటప్పుడు అది ఎవరు చెప్పారో కూడా రాయాలి.

రేపు పేపర్ తెరిచినప్పుడు మన ప్రాంతపు వార్త ఒకటి తీసుకోండి. అందులో పోలీసులో, అధికారులో కాకుండా ఆ ఊరి మనిషి ఒక్కరైనా మాట్లాడారా చూడండి. మీ వ్యాసానికి సొంత ఉదాహరణ అక్కడే దొరుకుతుంది.