జ్వరం కర్తా? రాజు కర్తా?

మా పక్క వాటాలో ఉండే కుర్రాడు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. వాళ్ళ నాన్నకి స్టీల్ ప్లాంటులో పని. ఆ రోజు ఆయనది బి షిఫ్టు. అడగడానికి ఇంట్లో ఎవరూ లేక, వాడు పరీక్ష పేపరు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

ప్రశ్న చిన్నదే. "రాజుకి జ్వరం వచ్చింది" అనే వాక్యంలో కర్త ఏది? వీడు 'రాజు' అని రాస్తే, మాస్టారు కొట్టేసి ఎర్ర సిరాతో 'జ్వరం' అని దిద్దారు. అర మార్కు పోయింది.

"ఏటి తాతగారూ, మంచమెక్కింది రాజైతే జ్వరం కర్త ఎలాగవుద్ది?" అన్నాడు.

పోయింది అర మార్కే గానీ, ఈ తగువు భాషాశాస్త్రంలో చాలా ఏళ్ళుగా నడుస్తోంది. ముందు మాస్టారి వాదన విందాం. తెలుగులో క్రియ ఎవరితో కలిస్తే వారే కర్త అని మన లెక్క. 'నేను వచ్చాను, నువ్వు వచ్చావు' అంటాం కదా. ఇప్పుడు "నాకు నువ్వు నచ్చావు" అన్న వాక్యం చూడండి. ఇష్టపడింది నేనే అయినా, 'నచ్చావు' కలిసింది 'నువ్వు'తో. అలాగే 'వచ్చింది' కలిసేది జ్వరంతోనే. విభక్తి ప్రత్యయం లేకుండా నిలబడిందీ అదే. ఈ పరీక్షలో మాస్టారే నెగ్గారు.

ఇక కుర్రాడి తరఫున రెండు పరీక్షలున్నాయి. మొదటిది 'తన' అనే మాట. "రాజు సుబ్బారావుకి తన సైకిలిచ్చాడు" అంటే సైకిలు ఎవరిది? రాజుదే. 'కి' తగిలించుకున్న సుబ్బారావు వైపు 'తన' పోదు. మరి "రాజుకి తన తమ్ముడు గుర్తొచ్చాడు" అంటే? ఇక్కడ 'తన' నేరుగా రాజు దగ్గరికే పోయింది. రెండు చోట్లా ఉన్నది అదే 'కి'. అయినా సుబ్బారావు చెయ్యలేని పని ఇక్కడ రాజు చేశాడు. పుచ్చుకునేవాడి 'కి' వేరు, అనుభవించేవాడి 'కి' వేరు అన్నమాట.

రెండోది 'తిరిగి, తిని, వెళ్ళి' లాంటి క్త్వార్థకాలు. "ఎండలో తిరిగి మేస్త్రీ రాజుకి పని చూపించాడు" అంటే తిరిగింది మేస్త్రీ. "ఎండలో తిరిగి రాజుకి జ్వరం వచ్చింది" అంటే తిరిగింది రాజు. జ్వరం ఎండలో తిరిగిందని ఎవరూ అనుకోరు.

అయితే ఈ రెండో పరీక్షకి తెలుగులో ఓ చిల్లుంది. "వాన పడి గోడ కూలింది" అంటాం. పడింది వాన, కూలింది గోడ. కారణం చెప్పేటప్పుడు రెండు కర్తలున్నా మన భాష ఒప్పుకుంటుంది. అందుకని ఈ పరీక్ష ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. మనుషులు కావాలని చేసే పని పెట్టి చూడాలి. "మేస్త్రీ ఎండలో తిరిగి రాజుకి జ్వరం వచ్చింది" అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది కదా. అలాంటి చోట పరీక్ష పనిచేస్తున్నట్టు.

'తన' కూడా అన్నిసార్లూ ఒకే వైపు తూగదు. "రాజుకి అరుణ తన ఊళ్ళో కనిపించింది" అంటే ఆ ఊరు రాజుదీ కావచ్చు, అరుణదీ కావచ్చు. ఇద్దరికీ కాస్త కాస్త కర్తృత్వం ఉంది.

అమ్మలు "జ్వరం తెచ్చుకోకు" అంటారు గానీ "నీకు జ్వరం రాకు" అనరు. ఆజ్ఞ వెయ్యలేం కాబట్టి రాజు కర్త కాదని కొందరు వాదిస్తారు. ఆ వాదన నిలవదు. జ్వరం రావడం మన చేతుల్లో లేదు. అది అర్థానికి సంబంధించిన ఇబ్బంది, వ్యాకరణానిది కాదు.

1976లో ఎడ్వర్డ్ కీనన్ అనే పండితుడు చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. కర్తృత్వం ఒకే గుర్తు కాదు, లక్షణాల మూట అన్నాడాయన. పైకి కనిపించే లక్షణాలు, అంటే విభక్తి, క్రియతో కలవడం, మన వాక్యంలో జ్వరానికి దక్కాయి. వాక్యం లోపల నడిచే లక్షణాలు రాజుకి దక్కాయి. ఇలాంటి కర్తల మీదే మన తెలుగువాళ్ళు పేరి భాస్కరరావు, కారుమూరి సుబ్బారావు కలిసి 2004లో రెండు సంపుటాలకి సంపాదకత్వం వహించారు.

ఇది తెలుగు ఒక్కదాని గొడవా కాదు. మన పోర్టు దగ్గర టీ కొట్టులో నిలబడితే తెలిసిపోతుంది. హిందీ అతను "ముఝే భూఖ్ లగీ హై" అంటాడు. ఒడియా అతను "మొతే భోక లాగుచి" అంటాడు. ఇద్దరిదీ మన 'నాకు' లాంటిదే. బెంగాలీ అతను మాత్రం 'నాకు' బదులు 'నా' అనే షష్ఠి వాడతాడు. హిందీ 'అప్నా' కూడా మన 'తన' లాగే ఆ 'కి' మనిషి దగ్గరికి చేరుతుంది.

మరి అర మార్కు సంగతి? బడిలో 'కర్త' అంటే పని చేసేవాడని చెబుతారు. మన వాక్యంలో జ్వరమూ ఏ పనీ చెయ్యలేదు, రాజూ చెయ్యలేదు. అంటే తప్పు జవాబులో లేదు, ప్రశ్నలో ఉంది. "క్రియ దేనితో కలిసింది?" అని అడిగితే జ్వరం. "'తన' అంటే ఎవరు?" అని అడిగితే రాజు.

కుర్రాడికి అదే చెప్పాను. మాస్టారితో పోట్లాడకుండా, సైకిలు వాక్యం, తమ్ముడి వాక్యం పక్కపక్కన రాసి, 'తన' ఎవరని అడగమన్నాను. బడి తెరిచాక ఏమైందో చెబుతానని వెళ్ళాడు.