'ఆలస్యంగా తెచ్చారు' అనేది రోగనిర్ధారణ కాదు

పెద్దాసుపత్రుల గుండె వార్డుల్లో తరచూ వినపడే మాట ఒకటుంది: 'లేట్ ప్రెజెంటర్'. ఆలస్యంగా వచ్చిన రోగి అని అర్థం. కేస్ షీట్‌లో ఈ రెండు పదాలు పడ్డాక ఇంకెవరూ ఏమీ అడగరు. తప్పు ఎవరిదో తేలిపోయినట్టే. ప్రజారోగ్యంలో పరిశోధన చేస్తున్న నేను, పుట్టుకతో గుండెలో రంధ్రమున్న పిల్లల ఫైళ్లు కుటుంబాల అనుమతితో చదువుతూ ఉంటాను. ఈ మాటను వైద్యంగా కూడా ఒప్పుకోలేనని చెప్పడానికే ఈ వ్యాసం. ఐసెన్‌మెంగర్ సిండ్రోమ్ అనే జబ్బు ఎలా ముదురుతుందో తెలిస్తే, 'ఆలస్యం' ఎక్కడ జరిగిందో తేదీలతో సహా చూపించవచ్చు.

1897లో విక్టర్ ఐసెన్‌మెంగర్ అనే వైద్యుడు, ఒళ్లు నీలంగా మారి, నోటి వెంట రక్తం పడి చనిపోయిన 32 ఏళ్ల మనిషి గురించి రాశాడు. ఆ మనిషి గుండెలో కింది రెండు గదుల మధ్య గోడకు పెద్ద రంధ్రం ఉంది. 1958లో బ్రిటిష్ వైద్యుడు పాల్ వుడ్ అసలు కీలకం రంధ్రం ఎక్కడుందన్నది కాదని, ఊపిరితిత్తుల రక్తనాళాలు పాడై ప్రవాహం ఎదురు తిరగడమని తేల్చాడు. ఈ జబ్బుకు ఇప్పటి అర్థం అదే.

రంధ్రం పుట్టుకతోనే ఉంటుంది, నీలం మాత్రం పుట్టుకతో ఉండదు. గుండె ఎడమ గదిలో ఒత్తిడి ఎక్కువ, కుడి గదిలో తక్కువ. అందుకని మొదట్లో ఊపిరితిత్తుల నుంచి వచ్చిన మంచి రక్తమే ఎడమ నుంచి కుడికి కారి, మళ్లీ ఊపిరితిత్తులకు పోతుంది. శరీరానికి చెడు రక్తం చేరదు కనుక బిడ్డ నీలంగా మారదు. పుట్టిన మొదటి వారాల్లో ఊపిరితిత్తుల నాళాలు ఇంకా బిగుసుకునే ఉంటాయి కాబట్టి ఆ కారడం కూడా తక్కువే, స్టెతస్కోప్‌కు హోరు వినపడకపోవచ్చు. నెల, నెలన్నర దాటాక నాళాలు సడలుతాయి, వరద మొదలవుతుంది. బిడ్డ పాలు తాగుతూ చెమటలు కక్కుతుంది, మధ్యలో ఆగి ఎగశ్వాస తీస్తుంది, బరువు పెరగదు, మాటిమాటికీ నిమోనియా వస్తుంది. రంధ్రం మూసేయడానికి సరైన కాలం అదే. రంధ్రం పెద్దదైతే మొదటి ఏడాది దాటకుండా మూసేయాలి.

దక్షిణ తెలంగాణలోని ఒక దళితవాడకు చెందిన అమ్మాయి ఫైలును ఇక్కడ చెబుతాను. ఊరు, పేరు రాయను. తల్లి పత్తి ఏరే కూలి. బిడ్డ పుట్టినప్పుడు 2.6 కిలోలు, ఐదో నెలలో 4.1, ఏడో నెలలో 4.6. మొదటి ఏడాదిలో మూడుసార్లు నిమోనియా వచ్చింది. రెండుసార్లు ఊరి ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించారు, మూడోసారి ప్రభుత్వాసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంచారు. అప్పుడు తీసిన ఎక్స్‌రే రిపోర్టులో ఊపిరితిత్తుల గురించి రెండు వాక్యాలున్నాయి, గుండె పరిమాణం గురించి ఒక్క మాట లేదు. అంగన్‌వాడీ కార్డులో ఆమె చుక్క ఎర్ర గీత కింద ఉంది, పక్కన 'పోషకాహార లోపం' అని రాశారు. కూలోళ్ల బిడ్డ బక్కగా ఉంటే కారణం తిండే అయి ఉంటుందన్న ఊహ అంత బలంగా ఉంది. తల్లి నాతో అన్నది: "పాలు తాగుతుంటే తలంత తడిసేది బిడ్డా. గా ముచ్చట అందరికీ చెప్పిన. చెమట పడితే ఏమైతది అన్నరు."

ఏడాదిలోపు ఇన్నిసార్లు వైద్యుల ముందుకు వచ్చిన బిడ్డను 'ఆలస్యంగా తెచ్చారు' అనడానికి లేదు.

తర్వాత జరిగినదే ఈ జబ్బులో అన్నిటికంటే మోసకరమైన దశ. ఎక్కువ ఒత్తిడితో, ఎక్కువ రక్తంతో కొట్టుకు కొట్టుకు ఊపిరితిత్తుల సన్న నాళాల గోడలు మందమవుతాయి. మొదట కండపొర దళసరి అవుతుంది, తర్వాత లోపలి పొర పెరిగి దారిని ఇరుకు చేస్తుంది, చివరికి మచ్చకట్టి గట్టిపడుతుంది. తొలి మెట్ల మార్పులు రంధ్రం మూస్తే వెనక్కి పోతాయి, చివరి మెట్లవి పోవు. నాళాలు ఇరుకైనకొద్దీ కుడివైపు కారే రక్తం తగ్గుతుంది. అంటే వరద తగ్గుతుంది. బిడ్డకు ఆయాసం తగ్గుతుంది, నిమోనియాలు ఆగుతాయి, కాస్త ఒళ్లు చేస్తుంది. ఈ అమ్మాయి మూడో ఏట సరిగ్గా అలాగే 'తేరుకుంది'. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది, అంగన్‌వాడీ కార్డులో చుక్క పైకెక్కింది. నిజానికి తలుపు మూసుకుపోతున్నది అప్పుడే.

ఆరో ఏట బడికి వచ్చిన ఆరోగ్య బృందం గుండెపై స్టెతస్కోప్ పెట్టి 'హోరు లేదు, సాధారణం' అని రాసింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చే గుండె జబ్బులను వెతకడం ఈ బృందాల పనుల్లో ఒకటి. కానీ ఆ దశలో హోరు వినపడకపోవడం మంచి గుర్తు కాదు. రెండు గదుల్లో ఒత్తిడి సమానమైతే రంధ్రం గుండా ఉరుకు ఉండదు, హోరూ ఉండదు. అప్పుడు వినాల్సింది గుండె రెండో చప్పుడు. ఊపిరితిత్తుల కవాటం ఠక్కుమని గట్టిగా మూసుకునే శబ్దం అది. శిశువుగా ఉన్నప్పటి నిమోనియాల గురించి తల్లిని ఒక్క ప్రశ్న అడిగినా సరిపోయేది. బడి పరీక్షకు తల్లిని పిలవరు. ఆమె ఆ పూట చేలో ఉంది.

చివరికి ఊపిరితిత్తుల నాళాల నిరోధం శరీర నాళాల నిరోధాన్ని దాటుతుంది. అప్పుడు ప్రవాహం తిరగబడుతుంది. కుడి గదిలోని ఆక్సిజన్ లేని రక్తం రంధ్రం గుండా ఎడమకు వచ్చి నేరుగా శరీరమంతా వెళ్తుంది. పెదాలు, గోళ్లు నీలమవుతాయి, వేళ్ల చివర్లు ఉబ్బుతాయి. తెల్లతోలు మీద నీలాన్ని చూసి రాసిన పాఠ్యపుస్తకాలను మనవాళ్ల ఒంటి మీద యథాతథంగా చదవకూడదు. నాలుక చూడాలి, పెదవి లోపలి భాగం చూడాలి. ఈ అమ్మాయిని బడిలో 'నల్లపిల్ల' అని పిలిచేవారు. రంగు ముదురుతుంటే ఎండ అనుకున్నారు.

పదకొండో ఏట రక్తహీనత పరీక్షలో ఆమె హిమోగ్లోబిన్ 16.8 వచ్చింది. కార్డు మీద 'బాగుంది' అని రాసి టిక్ పెట్టారు. ఆక్సిజన్ చాలని శరీరం ఎర్రకణాలను ఎక్కువగా తయారు చేసుకుంటుంది, అది తెచ్చిన అంకె ఇది. పత్తి కూలీల ఇంటి ఆడపిల్లకు 16.8 ఎలా వచ్చిందని ఎవరైనా ఆశ్చర్యపోవాలి కదా. తక్కువ అంకె కోసమే వెతికే కార్యక్రమానికి ఎక్కువ అంకె కనపడలేదు.

పదమూడో ఏట బడి మెట్ల మీద పడిపోతే నగరానికి తెచ్చారు. ఆక్సిజన్ 82 శాతం, హిమోగ్లోబిన్ 19.4. గుండెలోకి గొట్టం పంపి కొలిస్తే ఊపిరితిత్తుల ధమనిలో సగటు ఒత్తిడి 70 మి.మీ. వచ్చింది. మామూలుగా అది 15 దగ్గర ఉంటుంది. ఊపిరితిత్తుల నిరోధం 20 వుడ్ యూనిట్లు. సాధారణంగా ఒకటి రెండు యూనిట్లు మించదు. నాలుగు లోపు ఉంటే నిశ్చింతగా మూస్తారు, ఎనిమిది దాటితే దాదాపుగా మూయరు, ఆ రెంటి మధ్య ఒక్కో రోగిని బట్టి నిర్ణయిస్తారు. ఆక్సిజన్, నైట్రిక్ ఆక్సైడ్ పీల్పించి మళ్లీ కొలిచినా 20 కాస్తా 18కే దిగింది. నాళాలు బిగుసుకుని లేవు, గట్టిపడిపోయాయి.

"రంధ్రం ఉంది కదా, ఇప్పుడైనా ఎందుకు మూయరు?" అని తల్లి అడిగింది. ఆమెకు ఎవరూ నింపాదిగా జవాబు చెప్పలేదు. అంకెల్లో చూస్తే ఇది అర్థమవుతుంది. ఒంటి వైశాల్యంలో ఒక చదరపు మీటరుకు లెక్కిస్తే, కూర్చుని ఉన్నప్పుడు ఆమె శరీరానికి నిమిషానికి మూడున్నర లీటర్ల రక్తం కావాలి. ఊపిరితిత్తుల గుండా మూడు లీటర్లకు కాస్త ఎక్కువే పోగలుగుతోంది. మిగిలింది రంధ్రం దాటి వస్తోంది. నీలపు రక్తమే అయినా మెదడుకు రక్తం అందుతోంది. రంధ్రం మూస్తే ఆ మూడున్నర లీటర్లూ కుడి గది ఒక్కటే గట్టిపడిన నాళాల్లోంచి నెట్టాలి. అందుకు 78 దాకా ఒత్తిడి కావాలి. మెట్లెక్కితే శరీరం ఏడు లీటర్లు అడుగుతుంది, అప్పుడు 150 దగ్గరికి పోవాలి. కుడి గది అది మోయలేదు. రక్తప్రసరణ కుప్పకూలుతుంది, స్పృహ పోతుంది, ప్రాణమూ పోవచ్చు. పదమూడేళ్లు జబ్బుగా ఉన్న రంధ్రమే ఇప్పుడు ఆమెను కాపాడే వాల్వు. సరిహద్దు నిరోధం ఉన్న కొద్దిమందికి మందులతో దాన్ని దించి మూసిన సందర్భాలున్నాయి. 20 యూనిట్ల దగ్గర ఆ దారి లేదు.

కొందరు వైద్య మిత్రులు నాతో అంటారు, "జీవశాస్త్రానికి కులం లేదు, ప్రతిదాంట్లో కులాన్ని తేకండి" అని. నిజమే, నాళం గోడకు కులం లేదు. కానీ ఆ గోడ ఇచ్చిన గడువు ఏడాది. గడువులోపు పిల్లల గుండె వైద్యుడి దాకా చేరే బిడ్డ ఎవరన్నది జీవశాస్త్రం తేల్చదు. చెమట గురించి తల్లి చెప్పిన మాటను నమ్మాలా వద్దా అన్నదీ అది తేల్చదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఎందరో పేద పిల్లల గుండె ఆపరేషన్లకు డబ్బు కట్టింది, దాన్ని చిన్నచూపు చూడను. అయితే ఆ డబ్బు జబ్బు పేరు తేలాకే కదులుతుంది. పేరు తేలడానికి కావాల్సిన ఎకో పరీక్ష ఈ అమ్మాయికి పదమూడేళ్లకు గానీ అందలేదు. ఆమె ఫైలులో 'మేనరికమా?' అన్న గడి నింపి ఉంది. మొదటి నిమోనియా ఎప్పుడు, ఎవరు చూశారు, ఎక్కడికి పంపారు అన్న గడులే లేవు. రంధ్రం ఏ వయసులో మూశారు, మూయలేమని ఏ వయసులో తేల్చారు అన్న వివరాలను కులం వారీగా, మండలం వారీగా ప్రభుత్వం బయటపెట్టాలి. అప్పుడు తెలుస్తుంది ఆలస్యంగా వచ్చింది ఎవరో.

ఇక ఆ అమ్మాయికి మిగిలిన వైద్యం సంగతి. సిల్డెనాఫిల్, బోసెంటాన్ లాంటి మందులు నాళాలను కొంత సడలించి ఆయాసం తగ్గిస్తాయి. జీవితాంతం వాడాలి. ఆపరేషన్‌కు లక్షలు కట్టడానికి సిద్ధమైన వ్యవస్థ రోజువారీ మాత్రకు రాలేదు. ఆ మాత్రలు తల్లి బయట కొంటోంది, పత్తి పని లేని నెలల్లో కొనడం లేదు. రక్తం చిక్కగా ఉందని ఊరికే తీసేయడం తప్పు, దానివల్ల ఇనుము తగ్గి మెదడుపోటు ప్రమాదం పెరుగుతుంది. సెలైన్ పెట్టేటప్పుడు గొట్టంలో గాలి బుడగ ఉండకూడదు. రంధ్రం దాటి అది నేరుగా మెదడుకు పోగలదు. ఈ సంగతి ఊరి ఆర్‌ఎంపీకి తెలియాలి, ఎవరూ చెప్పలేదు. జాగ్రత్తగా చూసుకుంటే ఈ జబ్బుతో నలభైలు దాటి బతికినవాళ్లున్నారు.

ఆమె ఇప్పుడు పదహారులోకి వచ్చింది, ఇంట్లో సంబంధాల మాట నడుస్తోంది. ఈ జబ్బుతో గర్భం దాల్చిన స్త్రీలలో ముగ్గురిలో ఒకరి నుంచి సగం మంది దాకా చనిపోయారని పాత లెక్కలు చెబుతాయి. ఎక్కువ మరణాలు కాన్పప్పుడూ ఆ తర్వాతి వారాల్లోనూ జరుగుతాయి. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు రక్తం గడ్డకట్టిస్తాయి కాబట్టి అవీ కుదరవు, వేరే పద్ధతి చూడాలి. ఆమె డిశ్చార్జి చీటీ మూడుసార్లు చదివాను. అందులో 'లేట్ ప్రెజెంటర్' అని ఉంది. గర్భం గురించి ఒక్క వాక్యం లేదు.