‘ఏమీ లేదు, టెన్షనే’ అన్నాక అడగాల్సినవి

రాత్రిపూట ఎమర్జెన్సీకి వచ్చే కుటుంబాలు చాలాసార్లు నాతో ముందు చెప్పేది రోగి ఒంట్లో ఏం జరిగిందన్నది కాదు. ‘సాయంత్రం ఇంట్లో కాస్త మాటామాటా వచ్చింది సార్, అప్పట్నుంచీ ఇలా’ అంటారు. స్ట్రెచర్ మీద మనిషి ఛాతీ పట్టుకుని ఆయాసపడుతుంటే, పక్కనున్నవాళ్లు తమకు తెలియకుండానే జబ్బుకి పేరు పెట్టేస్తారు. ఆ పేరు డాక్టరు చెవిన పడ్డాక దాన్ని పక్కన పెట్టి చూడటం అనుకున్నంత తేలిక కాదు. అది ఆడమనిషైతే మరీ కష్టం. అందుకే మీ ఇంట్లో ఎప్పుడైనా ఇలాంటి పరిస్థితి వస్తే, ఒంట్లో ఏమైందో గడియారంతో సహా ముందు చెప్పండి. గొడవ సంగతి దాచమని కాదు, అది తర్వాత చెప్పండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ముప్పై ఆరేళ్ల స్కూలు టీచరు. రాత్రి 10.40కి భోజనం ముగించి గిన్నెలు సర్దుతుండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ఛాతీ బిగిసింది, ఊపిరి అందలేదు, చెమటలు పట్టాయి, వేళ్లు తిమ్మిరెక్కి వంకర్లు పోయాయి. ‘నేను పోతున్నాను’ అంది. భర్త ఆటోలో తీసుకొచ్చేసరికి 11.10 అయింది.

లోపలికి రాగానే నర్సు పల్స్, బీపీ, శ్వాస రేటు, ఆక్సిజన్ చూస్తుంది. వేలికి గుచ్చి షుగర్ చూస్తుంది. ఛాతీ నొప్పితో వచ్చినవారికి పది నిమిషాల్లోపు ఈసీజీ తీసి డాక్టరు కంట పడేలా చేయాలన్నది నియమం. ఈమెకు పల్స్ 128, ఆక్సిజన్ 99, షుగర్ 112, శ్వాస నిమిషానికి 32. ఈసీజీలో వేగం ఎక్కువగా ఉంది తప్ప లయ సరిగానే ఉంది. ఇదంతా పానిక్ అటాక్‌కి సరిపోతుంది. అయితే, సరిపోవడం వేరు, నిర్ధారణ కావడం వేరు. పానిక్‌ని చూపించే రక్తపరీక్ష లేదు, స్కాన్ కూడా లేదు. ప్రమాదకరమైన వాటిని ఒక్కొక్కటిగా పక్కన పెట్టుకుంటూ వచ్చి, మిగిలిన కథ పానిక్ పోలికలతో ఉంటేనే ఆ మాట అనాలి.

ఆక్సిజన్ 99 ఉంటే ఊపిరి అందకపోవడమేమిటని ఇంట్లోవాళ్లకు అనుమానం రావచ్చు. నటిస్తోందేమో అనుకునేవాళ్లూ ఉంటారు. నటన కాదు. భయంతో వేగంగా ఊపిరి తీసేటప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. దాంతో రక్తపు రసాయన తూకం మారి, నరాలకూ కండరాలకూ అందుబాటులో ఉండే కాల్షియం తగ్గుతుంది. అందుకే పెదాల చుట్టూ, వేళ్లలో తిమ్మిర్లు వస్తాయి, వేళ్లు ముడుచుకుపోతాయి, తల తిరుగుతుంది. ఇది కొలవదగ్గ శారీరక మార్పు. (దీనికి కాగితం సంచిలోకి ఊపిరి వదలమనే పాత చిట్కా ఇప్పటికీ ఇళ్లలో వినిపిస్తుంది. వద్దు. నిజంగా ఆస్తమా, గుండెపోటు లాంటివి ఉంటే అది ప్రాణం మీదికి తెస్తుంది.)

ఇక అసలు విషయానికొద్దాం. 11.25కి ఆమె రక్తం తీసి ట్రోపోనిన్ పరీక్షకి పంపారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే పదార్థమిది. అరగంట తర్వాత రిపోర్టు నెగెటివ్ అని వచ్చింది. అప్పటికి ఇంజెక్షన్ ఇచ్చారు, దడ తగ్గింది, ఆమె నిద్రలోకి జారుకుంటోంది. ‘ఏమీ లేదండీ, టెన్షనే, తీసుకెళ్లండి’ అన్నారు డ్యూటీ డాక్టరు. భర్త ఊపిరి పీల్చుకున్నాడు.

లెక్క చూడండి. బాధ మొదలైంది 10.40కి. రక్తం తీసింది 11.25కి. మధ్యలో నలభై ఐదు నిమిషాలే. గుండె దెబ్బతిన్నా ట్రోపోనిన్ రక్తంలో కనిపించే స్థాయికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అంటే ఆ నెగెటివ్ రిపోర్టు అబద్ధం కాదు గానీ, ఇంకా పూర్తికాని జవాబు. అందుకే రెండోసారి చేయాలి. హై సెన్సిటివిటీ రకం పరీక్ష ఉన్నచోట ఒకటి నుంచి మూడు గంటల తేడాతో, పాత రకం పరీక్షైతే మూడు నుంచి ఆరు గంటల తేడాతో చేస్తారు. బాధ మొదలై మూడు గంటలు దాటాక తీసిన హై సెన్సిటివిటీ ఫలితం చాలా తక్కువగా, ఈసీజీ కూడా సరిగా ఉంటే ఒక్కసారితో సరిపెట్టడం తప్పు కాదు. కాబట్టి మీరు మొదట అడగాల్సింది ఇదే: ‘డాక్టరు గారూ, నొప్పి మొదలైన ఎంతసేపటికి రక్తం తీశారు? రెండోసారి అక్కర్లేదా?’ ఇలా అడిగితే తెలివి ప్రదర్శించినట్టని మొహమాటపడకండి. మంచి డాక్టరు ఎవరూ ఈ ప్రశ్నకు చిరాకుపడరు, పడితే నేను వారి పక్షాన మాట్లాడను.

రెండో ప్రశ్న ఈసీజీ గురించి. దీన్ని నేను నా పొరపాటు నుంచే నేర్చుకున్నాను. ఒకప్పుడు గుండెదడతో ఒక డిగ్రీ అమ్మాయి వచ్చింది. వచ్చేసరికే దడ ఆగిపోయింది. ఈసీజీ శుభ్రంగా ఉంది. పరీక్షల రోజులు కదా అని టెన్షన్ అని చెప్పి పంపాను. కొన్ని వారాలకు మళ్లీ వచ్చింది, ఈసారి దడ నడుస్తుండగానే. ఈసీజీలో గుండె వేగం 190. అది ఎస్‌వీటీ అనే లయ లోపం. గుండెలోని విద్యుత్ మార్గంలో తేడా వల్ల వస్తుంది. దానికి సరైన వైద్యం ఉంది. దడ ఆగిపోయాక తీసిన ఈసీజీ, దడ ఏమిటో చెప్పలేదు. ఆ అమ్మాయి మొదటిరోజే నాతో ‘స్విచ్ వేసినట్టు మొదలైంది సార్, స్విచ్ ఆర్పినట్టు ఆగింది’ అంది. ఆ మాట నేను విన్నాను గానీ పట్టించుకోలేదు. పానిక్‌లో దడ సాధారణంగా కొన్ని నిమిషాల్లో పెరిగి పతాక స్థాయికి చేరి, మెల్లగా దిగుతుంది.

అందుకని ‘ఈసీజీ బాధ ఉన్నప్పుడే తీశారా, తగ్గాక తీశారా?’ అని అడగండి. ఆ కాగితం కాపీ అడిగి తీసుకోండి, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. తగ్గాకే తీసి ఉంటే, మళ్లీ వచ్చినప్పుడు దగ్గర్లోని ఏ నర్సింగ్‌హోమ్‌లోనైనా సరే దడ నడుస్తుండగానే ఈసీజీ తీయించాలి.

డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఈమధ్య ఆపరేషన్ గానీ కాన్పు గానీ అయిందా, కాలికి కట్టు వేసి కదలకుండా ఉన్నారా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా, ఒక పిక్క మాత్రమే వాచిందా. వీటిలో ఏది ఉన్నా ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ గురించి ఆలోచించాలి. దానిలోనూ ఆయాసం, దడ, భయం ఇలాగే ఉంటాయి, కొందరిలో ఆక్సిజన్ అంకె కూడా బాగానే ఉంటుంది. అలాగే మధుమేహం ఉందని తెలియని కుర్రాళ్లు ఎగశ్వాసతో వస్తే అది భయం కాకపోవచ్చు, షుగర్ విపరీతంగా పెరిగి రక్తం ఆమ్లంగా మారడం కావచ్చు. వేలి చివర ఒక్క చుక్కతో ఆ అనుమానం మొదలవుతుంది. షుగర్ చూశారా లేదా అన్నది గమనించండి.

ఇన్ని చూశాక నిజంగా పానిక్ అటాకే అని తేలిందనుకోండి. అప్పుడు కూడా ‘ఏమీ లేదు’ అన్నమాట తప్పే అంటాను. గుండెపోటును జారవిడిచేదీ ఆ మాటే, పానిక్‌కి వైద్యం అందకుండా చేసేదీ ఆ మాటే. ఏమీ లేదని పంపితే ఆమె నమ్మదు. ఆ బాధ అనుభవించింది ఆమె. వచ్చే నెల మళ్లీ వస్తే ఈసారి ఇంకో ఆసుపత్రికి పోతుంది. మళ్లీ ఈసీజీ, మళ్లీ ఎకో, ఆపైన ఎండోస్కోపీ, మెదడు స్కాన్. ఈలోగా ఒంటరిగా బస్సెక్కడం మానేస్తుంది, ఇంట్లోవాళ్లు ‘నీదంతా మనసే’ అనడం మొదలుపెడతారు. ఇలా ఫైలు సంచితో వచ్చేవాళ్లను నేను తరచూ చూస్తుంటాను.

ఇందుకు విరుగుడు డిశ్చార్జి కాగితం. అందులో ఏం రాశారో అక్కడే చదవండి. ‘గ్యాస్ట్రైటిస్’ అనో ‘నీరసం’ అనో రాసి ఉంటే, లోపల చెప్పిందీ కాగితం మీద ఉన్నదీ ఒకటేనా అని అడగండి. కొన్నిసార్లు కుటుంబం నొచ్చుకుంటుందని మేమే అలా రాస్తాం. పెళ్లి కావాల్సిన పిల్ల అయితే ఇంట్లోవాళ్లే అలా రాయమంటారు. దానివల్ల తర్వాత చూసే డాక్టరుకి దారి మూసుకుపోతుంది. ఏయే జబ్బులు లేవని ఏ పరీక్షతో తేల్చారు, థైరాయిడ్, రక్తహీనత లాంటివి ఇంకా ఏం చూడాలి, ఎన్ని రోజుల్లో ఎవరిని కలవాలి, ఏం జరిగితే వెంటనే తిరిగి రావాలి అన్నవి కాగితం మీద ఉండాలి.

ఇచ్చిన ఇంజెక్షన్ పేరు కూడా అడగండి. లోరాజెపామ్, మిడజోలామ్ లాంటిదైతే మత్తు ఉంటుంది, ఆ రాత్రి బండి నడపకూడదు, మందు తాగకూడదు. ఇంకో మెలిక ఉంది. ఆ ఇంజెక్షన్‌తో తగ్గింది కాబట్టి గుండె జబ్బు కాదనుకోకండి, మత్తు మందు ఎవరికైనా భయం తగ్గిస్తుంది. ఇంటికి ఆల్‌ప్రజోలామ్ మాత్రలు రాస్తే ఎన్ని రోజులకని అడిగి, అంతవరకే వాడండి. నెలల తరబడి వాడితే అలవాటుగా మారి, మానడమే ఒక చికిత్స అవుతుంది. పానిక్ పదేపదే వచ్చేవారికి అసలు వైద్యం సైకియాట్రిస్టు ఇచ్చే వేరే మందులు, సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి. ఆ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, వాటితో నిద్రమత్తు మాత్రల అలవాటు లాంటిది ఉండదు. సైకియాట్రిస్టు ఎక్కడున్నారో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఖర్చు గురించి మధ్యతరగతి ఇళ్లలో వచ్చే ఇబ్బంది వేరు. కొన్నిచోట్ల త్వరగా పంపేస్తే, కొన్నిచోట్ల ‘ఐసీయూలో ఒకరోజు పెట్టి చూద్దాం’ అంటారు. భయపడి ఒప్పుకోవద్దు, కోపంతో ‘మా ఇష్టంతో వెళ్తున్నాం’ అని సంతకం పెట్టి వచ్చేయనూవద్దు. ‘ఏ జబ్బు అనుమానంతో పెట్టమంటున్నారు? రెండో పరీక్ష అయ్యేదాకా ఎమర్జెన్సీ మంచం మీదే ఉంచితే కుదరదా?’ అని అడగండి. నిజమైన అనుమానం ఉంటే డాక్టరు దాని పేరు చెప్పగలగాలి.

మన టీచరు విషయంలో భర్త ఆటో మాట్లాడటానికి బయటికి వెళ్తూ ఆగి, రెండో పరీక్ష సంగతి అడిగాడు. హై సెన్సిటివిటీ పరీక్షే కాబట్టి 2.25కి మళ్లీ రక్తం తీశారు, దాంతోపాటు ఇంకో ఈసీజీ. రెండూ సరిగానే ఉన్నాయి. మూడు దాటాక ఇంటికి వెళ్లారు. కాగితం మీద ‘పానిక్ అటాక్, రెండు ట్రోపోనిన్‌లు నెగెటివ్, టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్ చూడాలి, వారంలో సైకియాట్రీ ఓపీ’ అని ఉంది. మర్నాడు ఉదయం ఆమె స్కూలుకి సెలవు పెట్టి, ముందు ఆ రక్తపరీక్షలకు వెళ్లింది.