అస్తలగ్నమూ అధ్యాసా ఒకటేనా?

పాశ్చాత్య జ్యోతిషంలో జననకాలాన తూర్పు క్షితిజంపై ఉదయించే రాశి లగ్నం. అదే క్షణాన పడమట అస్తమించే రాశి అస్తలగ్నం; సప్తమభావానికి అదే ఆరంభం. వ్యక్తి తనదిగా అంగీకరించిన స్వభావం లగ్నమనీ, తనలో ఉన్నా తనది కాదని త్రోసిపుచ్చినది అస్తలగ్నమనీ, ఆ తిరస్కృతాంశమే ఎదుటి మనిషిపై ఆరోపితమై ఆకర్షణగా పరిణమిస్తుందనీ నేటి పాశ్చాత్య జ్యోతిష్కుల వాదం. దుడుకైన మేషలగ్నజాతుడు తులాస్వభావం గల సౌమ్యురాలిని వరిస్తాడట. కొందరు మరొక అడుగు ముందుకు వేసి, శంకరులు చెప్పిన అధ్యాస ఇదేనంటున్నారు.

ఈ వాదానికి ఆపాదించే ప్రాచీనత నిలువదు. సప్తమానికి వివాహసంబంధం యవన జ్యోతిషంలోనే ఉన్నది, నిజమే. కాని క్రీ.శ. 2వ శతాబ్దిలో టాలెమీ ‘టెట్రాబిబ్లోస్’ నాల్గవ భాగంలో, పురుషునికి భార్యను చంద్రుని బట్టీ స్త్రీకి భర్తను సూర్యుని బట్టీ విచారించమన్నాడు. తిరస్కృత స్వభావమనే ఊహ అక్కడ లేదు. అది 20వ శతాబ్దిలో కార్ల్ యూంగ్ మనస్తత్వశాస్త్రం నుంచి అరువు తెచ్చుకున్నది.

ఖగోళగణితం తెచ్చే చిక్కు ఇంకా పెద్దది. రాశులన్నీ సమానకాలంలో ఉదయించవు. లండన్ అక్షాంశంలో సాయన మేషం గంటలోపే పూర్తిగా ఉదయిస్తుంది. తులకు దాదాపు మూడు గంటలు కావాలి. కనుక అక్కడ పుట్టే శిశువుకు తులాలగ్నం పడే అవకాశం మేషలగ్నం కన్నా మూడింతలు. తులకు అస్తలగ్నం మేషం. అంటే లండన్‌లో పుట్టినవారిలో దుడుకువారి వైపు ఆకర్షితులయ్యేవారు, సౌమ్యుల వైపు ఆకర్షితులయ్యేవారికి మూడింతలుండాలి. భూమధ్యరేఖకు చేరువనున్న నైరోబీలో ఈ రెండు రాశుల ఉదయకాలాలు ఇంచుమించు సమానం; అక్కడ ఆ తారతమ్యం మాయం కావాలి. ప్రేమకు అక్షాంశమే కారణమని ఏ జ్యోతిష్కుడూ అనడు. శుక్రుణ్ణి చూడాలి, సప్తమాధిపతిని చూడాలి, సప్తమస్థ గ్రహాలను చూడాలి అంటాడు. ఇన్ని సూచకాలుంటే, పెళ్ళి అయిన తరువాత వాటిలో ఏదో ఒకటి సరిపోక మానదు. పెళ్ళికి ముందు ఏది ప్రబలమో నిర్ణయించి చెప్పగలిగితేనే దానికి శాస్త్రత్వం.

ఇక అధ్యాస మాట. బ్రహ్మసూత్రభాష్యోపోద్ఘాతంలో శంకరులు విచారించినది ఆత్మానాత్మల పరస్పరారోపాన్ని: దేహేంద్రియాంతఃకరణ ధర్మాలను ఆత్మకు అంటగట్టడం, ఆత్మచైతన్యాన్ని వాటికి అంటగట్టడం. అస్తలగ్నవాదంలో ఒప్పుకున్న దుడుకుతనమూ, త్రోసిపుచ్చిన సౌమ్యతా రెండూ అంతఃకరణధర్మాలే. ఆ సౌమ్యతను తిరిగి తనదిగా స్వీకరించడమే అక్కడ చికిత్స. మేషలగ్నజాతుడు అలాగే చేసి, ‘సౌమ్యుడను కూడా నేనే’ అన్నాడనుకుందాం. దాంపత్యంలో కలహం తగ్గవచ్చు. అద్వైతదృష్టిలో మాత్రం అతని అధ్యాస తొలగలేదు. ఆత్మపై ఆరోపించుకున్న ధర్మాలలో మరొకటి చేరింది.