సరుకు రాలేదు.. డబ్బు మాత్రం దేశం దాటింది! విశాఖ హవాలా కేసు చెప్పేదేంటి?

విశాఖపట్నం: 2017 మేలో విశాఖలో బయటపడ్డ హవాలా కేసు గుర్తుందా? ఉత్తుత్తి కంపెనీల ఖాతాల్లో వందల కోట్లు జమచేసి, దిగుమతుల పేరుతో విదేశాలకు పంపేశారన్నది ఆరోపణ.

నిజంగా సరుకు వస్తే కస్టమ్స్ బ్రోకర్ చూస్తాడు. 2018 నిబంధనల ప్రకారం దిగుమతిదారు ఐఈసీ, జీఎస్టీ నంబర్లతో పాటు, చెప్పిన చిరునామాలో వ్యాపారం నడుస్తోందో లేదో కూడా ఆయనే తేల్చుకోవాలి. కానీ సరుకే రాకపోతే? ఫైలు బ్రోకర్ దాకా రాదు. అప్పుడు పట్టుకోవాల్సింది బ్యాంకే.

ఉదాహరణకు, లక్ష పెట్టుబడితో పెట్టిన కంపెనీ రూ.80 లక్షలు హాంకాంగ్‌కు అడ్వాన్స్ పంపిందనుకుందాం. ఉదయం పది ఖాతాల నుంచి వచ్చిన డబ్బు సాయంత్రానికే వెళ్లిపోయింది. గోదాం అద్దె లేదు, పోర్టు చార్జీలు లేవు. గడువు దాటినా బిల్ ఆఫ్ ఎంట్రీ రాలేదు. ఇలాంటప్పుడు బ్యాంకు ఖాతాదారుకు చెప్పకుండానే, అనుమానాస్పద లావాదేవీగా కేంద్ర ఆర్థిక నిఘా విభాగానికి రిపోర్ట్ చేయాలి.

కమీషన్‌కు ఆశపడి ఐఈసీ, కరెంట్ అకౌంట్ ఇతరులకు ఇచ్చే చిన్న వ్యాపారులూ జాగ్రత్త. డబ్బు ఎవరిదైనా, కాగితాల మీద ఉండేది మీ పేరే. దర్యాప్తు అధికారులు ముందు తలుపు తట్టేది మీ ఇంటినే.