కేక్‌కి ముందు 40 నిమిషాలు

పుట్టినరోజు ఫంక్షన్లలో మైకు పట్టుకునే అమ్మాయిలూ అబ్బాయిలూ ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కాలేజీ ఫ్రెషర్స్ డేలో నాలుగు మాటలు బాగా మాట్లాడితే చాలు, ‘మా అన్నయ్య కూతురి బర్త్‌డేకి వస్తావా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. మొదటి పిలుపు అలా సులువుగానే వస్తుంది. రెండోది రావడమే కష్టం. గొంతు బాగుండి, గలగలా మాట్లాడేవాళ్లను కూడా కొందరిని మళ్లీ పిలవరు. ఎందుకని?

ఎందుకంటే పిలిచినవాళ్లు మాటల్ని గుర్తుపెట్టుకోరు. ఆ సాయంత్రం తాము ఎంత కంగారుపడ్డామో, ఎంత నిశ్చింతగా ఉన్నామో గుర్తుపెట్టుకుంటారు. కేక్ వేళకు కోశారా, పాప ఏడ్చిందా, భోజనాలు ఆలస్యమయ్యాయా... ఆ లెక్కలన్నీ యాంకర్ ఖాతాలోనే పడతాయి.

మొదటి పుట్టినరోజునే తీసుకుందాం. విజయవాడలో ఓ మధ్యతరగతి ఫంక్షన్ హాలు. కార్డులో సాయంత్రం ఆరున్నర అని వేశారు. పాప పేరు హన్విక అనుకోండి. యాంకర్ పని ఆ సాయంత్రం కాదు, రెండు రోజుల ముందు పాప వాళ్లమ్మకు చేసే ఫోన్‌తో మొదలవుతుంది. ఆ ఫోన్‌లో మొదట అడగాల్సింది ‘పాప రోజూ ఎన్నింటికి పడుకుంటుందండీ?’ అని. ఎనిమిదిన్నరకు అందనుకుందాం. అంటే ఎనిమిదింటి లోపు కేక్ అయిపోవాలి. ఏడాది బిడ్డ నిద్రవేళ దాటాక ఏ జోక్‌కీ నవ్వదు, ఏ ఫొటోకీ ఆగదు.

తర్వాత పేర్లు. అమ్మమ్మ, తాతయ్య, నానమ్మ, మేనత్త, మేనమామ... స్టేజీ మీదికి ఎవరెవర్ని, ఏ వరుసలో పిలవాలో అడిగి ఓ అట్టముక్క మీద రాసుకోవాలి. హన్వికను హన్షిక అన్నారంటే ఆ వీడియోలో అది శాశ్వతంగా ఉండిపోతుంది. ఇక్కడే ఇంకో ప్రశ్న ఉంది. ‘పెద్దవాళ్లలో ఈమధ్య ఎవరైనా దూరమయ్యారా అండీ?’ అడగడానికి ఇబ్బందిగానే ఉంటుంది. కానీ అడగకుండా ‘నానమ్మా తాతయ్యా దంపతులు వేదిక మీదికి రావాలి’ అని ఉత్సాహంగా పిలిస్తే, తాతయ్య పోయి ఆరు నెలలే అయితే? హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది. ఆ తర్వాత ఏం మాట్లాడినా అతకదు. అలాగే కొవ్వొత్తి సంగతి. దీపం ఆర్పడం ఇష్టంలేని ఇళ్లున్నాయి. వాళ్లు దీపం వెలిగించి కేక్ కోస్తారు. అది తెలియకుండా ‘అందరూ కలిసి ఊదండి’ అంటే పెద్దావిడ ముఖం మారిపోతుంది.

ఇక ఆ రోజు. అరగంట ముందే వెళ్లి సౌండ్ అబ్బాయితో మాట్లాడాలి. కార్డ్‌లెస్ మైకులో కొత్త బ్యాటరీలు వేయించాలి. మైకు తల భాగాన్ని గుప్పిట మూసి పట్టుకున్నా, స్పీకర్ బాక్సుల ముందుకొచ్చి నిల్చున్నా చెవులు పగిలేలా కూత వస్తుంది. బాక్సులకు వెనగ్గా నిలబడితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. తర్వాత వంట దగ్గరికెళ్లి క్యాటరింగ్ మాస్టర్ని ‘ఎనిమిదీ పదికి ప్లేట్లు పెట్టేయొచ్చా?’ అని అడగాలి. ఆయన ‘ఎనిమిదిన్నర’ అంటే మీ కార్యక్రమం అక్కడే 20 నిమిషాలు పొడిగించుకోవాల్సి ఉంటుంది. అది ముందే తెలిస్తే ప్లాను. స్టేజీ మీద తెలిస్తే పాట్లు.

ఆరున్నర అన్నా జనం ఏడు దాటాకే వస్తారు. ఏడూ పదికి ఓ 30 మంది ఉన్నారనుకోండి. అక్కణ్నుంచి ఏడూ యాభైకి కేక్ దాకా ఉన్న 40 నిమిషాలే యాంకర్‌వి. మిగతా సాయంత్రమంతా కేక్‌దీ, ఫొటోగ్రాఫర్‌దీ, బిర్యానీదీ.

మొదటి పావుగంట పిల్లలకివ్వాలి. చాలామంది మ్యూజికల్ చైర్స్ పెడతారు. పది కుర్చీల ఆటలో మొదటి నిమిషానికే ఓ పాప ఔటై ఏడుస్తుంది. ఔటైనవాళ్లందరూ పనిలేక స్టేజీ ఎక్కి బెలూన్లు పీకుతారు. దాని బదులు పాట ఆగగానే బొమ్మల్లా నిలబడే స్టాచ్యూ ఆట పెట్టి, ఎవర్నీ ఔట్ చేయకుండా ఆడిస్తే అందరూ చివరిదాకా ఆటలోనే ఉంటారు. చిన్న బహుమతులు కూడా గెలిచినవాళ్లకే కాదు, వచ్చే పిల్లలందరికీ సరిపడా తెప్పించమని ఫోన్‌లోనే చెప్పాలి. ఐదు పెన్సిల్ బాక్సులు, 20 మంది పిల్లలు... అది కొట్లాటకు ఆహ్వానం.

తర్వాతి పది నిమిషాలు పెద్దవాళ్లకు. ‘పాప మొదట పలికిన మాటేంటి? పుట్టినప్పుడు బరువెంత?’ లాంటి ప్రశ్నలు మేనమామల్నీ మేనత్తల్నీ అడిగితే హాలు తనంతట తానే నవ్వుతుంది. రానన్నవాళ్లను చెయ్యి పట్టి లాగి డ్యాన్స్ చేయించడం, లావునో రంగునో పట్టుకుని జోకులేయడం మాత్రం వద్దు. ఆ క్షణంలో నవ్వుతారు, రేపు ఫోన్ చేయరు. మరో ఐదు నిమిషాలు పాప నెలనెలా ఫొటోల వీడియో. చివరి పది నిమిషాలు అట్టముక్క చూసి కుటుంబాన్ని వరుసగా పిలవడం. ఈలోగా కాగితపు పూలు పేల్చే కుర్రాణ్ని పాపకు దూరంగా నిలబెట్టాలి. ఆ ‘ఢాం’ శబ్దానికే ఎన్నో కేక్ కటింగులు ఏడుపుల్లో మునిగిపోయాయి.

కార్యక్రమం గాడి తప్పుతోందని ఎలా తెలుస్తుంది? ముందు వరుసను చూస్తే తెలియదు, వాళ్లు బంధువులు కాబట్టి నవ్వుతూనే ఉంటారు. వెనక వరుస చూడాలి. అక్కడ కుర్చీలు గుండ్రంగా తిరిగాయంటే వాళ్ల కబుర్లు మొదలయ్యాయని అర్థం. గొంతు పెంచితే వాళ్లూ పెంచుతారు. ఆటను అక్కడే ముగించి, మైకుతో ఆ వరుస దగ్గరికే నడిచి వెళ్లాలి. పాప కళ్లు నలుపుకుంటుంటే ఇక మిగిలిన ఆటలు మర్చిపోయి నేరుగా కేక్‌కి వెళ్లిపోవాలి. వేసుకున్న ప్లాన్‌ని వదులుకోవడం చేతకానివాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

కేక్ అయ్యాక భోజనాలకు పిలిచి, పాటలు సన్నగా పెట్టించి పక్కకు తప్పుకోవాలి. తినేవాళ్లకు మైకు అక్కర్లేదు. ఆరుబయట పార్టీ అయితే రాత్రి పదింటికి లౌడ్‌స్పీకర్ ఆపాల్సిందే. శబ్ద కాలుష్యంపై 2000లో వచ్చిన నిబంధనలు అదే చెబుతున్నాయి. ఇక మిగతా డబ్బులు భోజనాల హడావుడికి ముందే ఇవ్వాలని అడ్వాన్స్ తీసుకున్నప్పుడే మాట్లాడుకోవడం మంచిది. రాత్రి పదిన్నరకు పెట్టెలు సర్దుకుంటున్న ఇంటాయన్ని అడగడం ఇద్దరికీ ఇబ్బందే.

అసలు పరీక్ష మాత్రం రెండో పిలుపుతోనే మొదలవుతుంది. అది సాధారణంగా ఆ హాల్లో కూర్చున్న ఏ పిన్నిగారి నుంచో వస్తుంది. అంటే జనం చాలావరకు వాళ్లే! అవే ఆటలు, అవే జోకులు పట్టుకెళ్తే ‘ఇది అప్పుడే చూశాంగా’ అనేస్తారు. అందుకే ఓ నోటుబుక్కు పెట్టుకోవాలి. తేదీ, పాప పేరు, ఎవరింటివాళ్లు, ఆడించిన ఆటలు, బాగా నవ్విన ప్రశ్న, దెబ్బతిన్న ప్రశ్న... ఇంటికెళ్లిన రాత్రే రాసేయాలి. ఏడాది తిరిగాక, పుట్టినరోజుకి నెల ముందు ‘హన్వికకి రెండో ఏడు వస్తోంది కదండీ, ఎలా ఉంది?’ అని ఫోన్ చేసి చూడండి. అప్పటికి మిగతా యాంకర్లకు ఆ పాప పేరు కూడా గుర్తుండదు.